మధ్యలో పన్ను రేటు మారితే పాత లెక్కను ఎక్కడ విప్పాలి?

ప్రశ్న: మా కంపెనీ 100 లక్షలతో యంత్రం కొని ఐదేళ్ల ప్రాజెక్టు మొదలుపెట్టింది. ఏటా పన్నుకు ముందు 40 లక్షల నగదు వస్తుంది, తరుగుదల ఏటా 20 లక్షలు. చివర్లో యంత్రం 10 లక్షలకు అమ్ముడుపోతుందని అంచనా. 30 శాతం పన్నుతో ఏటా 34 లక్షలు మిగులుతాయని లెక్క వేశాం. రెండేళ్లు గడిచాక రేటు 25 శాతానికి తగ్గింది. మిగిలిన మూడేళ్ల అంకెలను 75/70తో హెచ్చవేస్తే సరిపోతుందా?

జవాబు: సరిపోదండీ. అలా చేస్తే 34 కాస్తా 36.43 అవుతుంది, కానీ నిజంగా చేతికొచ్చేది 35 మాత్రమే.

మీ 34 లక్షల్లో రెండు వేర్వేరు ముక్కలున్నాయి. 40 లక్షల మీద పన్ను పోగా మిగిలినది 28. 20 లక్షల తరుగుదలను ఖర్చుగా చూపడం వల్ల కట్టకుండా మిగిలిన పన్ను 6. రేటు తగ్గినప్పుడు మొదటి ముక్క పెరిగి 30 అవుతుంది, రెండోది తగ్గి 5 అవుతుంది. మీరు హెచ్చవేసినప్పుడు రెండోదాన్నీ పెంచేశారు, తప్పు అక్కడే జరిగింది. సరిచూసుకోవడానికి తేలికైన దారి ఉంది: పన్ను పడే లాభం 40 - 20 = 20 లక్షలు, అందులో 5 శాతం అంటే 1 లక్ష. ఏటా మీకు కలిసొచ్చేది అంతే.

అందుకే షీటులో పన్ను రేటును ఒకే గడిలో పెట్టకండి. ఏడాదికొక రేటు చొప్పున ఒక వరుస కేటాయించండి. 2వ వరుసలో రేటు, 5లో పన్నుకు ముందు నగదు, 6లో తరుగుదల ఉంటే, D నిలువు వరుసలో ఆ ఏడాది మిగిలే నగదు గడిలో రాయాల్సింది ఇదీ:

```
=D5*(1-D2)+D6*D2
```

యంత్రం అమ్మకానికి ఐదో ఏడాది రేటే వర్తిస్తుంది. అప్పటికి పన్ను లెక్కల్లో దాని విలువ సున్నా కాబట్టి 10 లక్షలూ లాభమే. పాత లెక్కలో 7 మిగిలేది, ఇప్పుడు 7.5. సరుకు, బాకీల్లాంటి రోజువారీ అవసరాలకు పెట్టిన వర్కింగ్ క్యాపిటల్ తిరిగొస్తే మాత్రం దాన్ని ముట్టుకోవద్దు, అది మీ సొమ్ము మీకు రావడమే కాబట్టి పన్ను లేదు.

ఇక చాలామంది వదిలేసేది డిస్కౌంట్ రేటు, అంటే ముందు రాబోయే నగదును నేటి విలువకు తగ్గించి చూసే రేటు. నిధులకు మీరు పెట్టే ఖర్చును బట్టి అది ఉంటుంది. అప్పు వడ్డీ కూడా పన్నును తగ్గించే ఖర్చే. రేటు తగ్గితే ఆ ఆదా తగ్గి, అప్పు కాస్త ఖరీదవుతుంది. నిధుల్లో 40 శాతం 10 శాతం వడ్డీకి తెచ్చిన అప్పు, 60 శాతం 15 శాతం రాబడి ఆశించే వాటాదారుల సొమ్ము అనుకుందాం. వాటాదారుల వైపు నుంచి 9 శాతం, అప్పు వైపు నుంచి ఇదివరకు 2.8, ఇప్పుడు 3. అంటే 11.8 ఉన్నది 12 అవుతుంది.

రెండో ఏడాది చివర నిలబడి చూద్దాం. గడిచిన రెండేళ్ల అంకెలను కదపకండి, ఆ పన్ను పాత రేటుతో కట్టేసిందే. ముందున్న మూడేళ్లకు పాత లెక్క 34, 34, 41. 11.8 శాతంతో వాటి విలువ 86.95 లక్షలు. కొత్తవి 35, 35, 42.5. 12 శాతంతో 89.40 లక్షలు. లాభం 2.45. డిస్కౌంట్ రేటు మార్చకపోతే అది 2.77గా కనిపించేది. మీ 75/70 పద్ధతి అయితే 6.21 చూపిస్తుంది. దాన్ని నమ్మి యంత్రానికి మరమ్మతులు చేయించాలా, విస్తరించాలా అని నిర్ణయిస్తే ముప్పు పెద్దదే.

మీ తరుగుదల సమానంగా కాక, తొలి ఏళ్లలో ఎక్కువగా పడితే కథ మారుతుంది. ఏదో ఒక ఏడాది తరుగుదల 50, నగదు 40 ఉందనుకోండి. కంపెనీకి ఇతర లాభాలు ఉంటే మిగిలిన 10 వాటిలో సర్దుబాటై, అదే ఏడాది 30 శాతం చొప్పున 3 లక్షలు ఆదా చేస్తుంది. లేకపోతే ఆ నష్టాన్ని ముందుకు తీసుకెళ్లి రేటు తగ్గాక వాడతారు, అప్పుడు ఆదా 2.5 మాత్రమే. నష్టం ఏ ఏడాదిది అన్నది కాదు, ఏ ఏడాది వాడారన్నదే లెక్క. పాత నష్టాలు మోస్తున్న కంపెనీలు ఈ లెక్కను తప్పక తిరిగి చూసుకోవాలి.

కొత్త రేటు మీ ఆర్థిక సంవత్సరం మధ్యలో అమల్లోకొస్తే, చట్టం ఏం చెబుతుందో చూడండి. బ్రిటన్‌లో 2023 ఏప్రిల్ 1న కంపెనీల పన్ను ప్రధాన రేటు 19 నుంచి 25 శాతానికి పెరిగింది. జనవరి నుంచి డిసెంబరు దాకా లెక్కలు రాసే కంపెనీకి 90 రోజులు 19, 275 రోజులు 25 చొప్పున కలిపితే ఆ ఏడాది రేటు 23.52 శాతం. అలాంటి చోట ఆ ఏడాది గడిలో సగటు రేటే రాయాలి. పన్ను ఏ తేదీన కట్టారన్నది రేటును మార్చదు, ఆదాయం ఏ కాలానిదన్నదే మారుస్తుంది.