మాఫీ అర్జీ తిరగరాయడం గురించి

ఒంగోలు

తమ్ముడికి ఆశీస్సులు.

ఈఎంఐ ఆలస్యానికి పడ్డ పెనాల్టీ మాఫీ చేయమని మీ బావ కోసం నువ్వు బ్యాంకుకు రాసిన అర్జీ కావలి నుంచి అందింది. రెండుసార్లు చదివాను. పేజీ నిండా ఇంటి కష్టాలే ఉన్నాయి: పాప ఫీజు, అత్తమ్మ మందులు, కంపెనీ జీతం ఆపిన తీరు. అడగాల్సినది మాత్రం చివర్లో ‘దయచేసి కనికరించగలరు’ అన్న ఒక్క ముక్క. ఏ ఖాతాలో ఎంత తీసేయాలో మేనేజరుకు ఎలా తెలుస్తుంది?

నువ్వు ‘పెనాల్టీ 745 రూపాయలు’ అన్నావు. స్టేట్‌మెంట్లు చూస్తే అవి రెండు వేర్వేరు కోతలు. 5వ తేదీన ఖాతాలో డబ్బు లేక ఈఎంఐ బౌన్స్ అయినందుకు పొదుపు ఖాతాలో 295, అంటే 250 చార్జీ, దానిమీద 45 జీఎస్టీ. కిస్తీ ఆలస్యమైనందుకు అప్పు ఖాతాలో పీనల్ చార్జీ 450. వీటిని విడివిడిగా రాయకపోతే ఒకటి తీసేసి రెండోది వదిలేస్తారు. రెండు ఖాతాలూ ఒకే బ్యాంకులో ఉన్నాయి కాబట్టి సరిపోయింది, లేకపోతే రెండు అర్జీలు కావాలి.

‘రిజర్వు బ్యాంకు పెనాల్టీ వద్దంది’ అన్న వాక్యం కొట్టేశాను. 2023 ఆగస్టు 18 నాటి ఉత్తర్వు అలా అనలేదు. ఆలస్యానికి వడ్డీ రేటు పెంచకూడదు, చార్జీగానే వేయాలి, ఆ చార్జీ మీద మళ్లీ వడ్డీ లెక్కకట్టకూడదు, అది తప్పుకు తగినంతే ఉండాలి అంది. మీ బావ స్టేట్‌మెంట్‌లో అలా వడ్డీ పడలేదు. కాబట్టి ఇది హక్కుగా అడిగేది కాదు, మేనేజరు విచక్షణను కోరేది. అక్కడ పనికొచ్చేది పాత కిస్తీల చరిత్ర. నీ అర్జీలో లేనిది అదే!

ఇలా మార్చాను, చూడు:

‘నా ఈఎంఐ తేదీ ప్రతి నెలా 5. ఈ నెల జీతం 1వ తేదీకి బదులు 9న జమ అయింది. అదే రోజు కిస్తీ కట్టాను. గత 31 కిస్తీలూ సకాలంలో చెల్లించాను. అప్పు ఖాతాలో వేసిన పీనల్ చార్జీ 450, పొదుపు ఖాతాలో వేసిన బౌన్స్ చార్జీ 295 మాఫీ చేయవలసిందిగా కోరుతున్నాను.’

పైన విషయం అన్న చోటే రెండు ఖాతాల నంబర్లూ రాయి. కష్టాలు తీసేశానని బాధపడకు. జీతం ఆలస్యమైందని కంపెనీ లెటర్‌హెడ్ మీద రెండు లైన్లు రాయించి జత చేస్తే వాటికంటే బలం. రెండో కాపీ మీద బ్యాంకు ముద్ర, తేదీ వేయించుకోమని బావకు గట్టిగా చెప్పు. మా రోజుల్లో చాలామంది ఇదే మర్చిపోయి మళ్లీ మొదటి నుంచి తిరిగారు.

ఇకపై జీతం ప్రతి నెలా 7 దాటాకే పడేటట్టుంటే, ఈఎంఐ తేదీ మార్చమని వేరే కాగితం మీద అడగండి. ఈ అర్జీలో కలపొద్దు. తిరగరాసింది నాకు ఒకసారి పంపి, ఆ తర్వాతే బ్యాంకులో ఇవ్వండి.

మీ అన్నయ్య