ఏడు ‘లేదు’ల వాక్యం

అమ్మాయ్,

నీ కవరు మంగళవారం అందింది. వయసు చూసుకుని ‘నువ్వు’ అంటున్నాను, ఏమనుకోకు. ఇంట్లో మనవడి కార్టూన్ల గోల భరించలేక నీ కథను చిక్కడపల్లి లైబ్రరీకి పట్టుకెళ్ళాను. రెండో పేజీ మధ్యలో, ఇదుగో, ఈ వాక్యం దగ్గర ఆగిపోయాను:

“నాన్న మందులు వేసుకోవడం లేదన్న సంగతి అమ్మకు తెలియనిదేమీ కాదు గానీ, ఆయన తనంతట తాను చెప్పనిదే అడగకూడదన్న పట్టుదల ఆమెలో లేకపోలేదు.”

మూడుసార్లు చదివాను. పక్కన గ్రూప్స్ పుస్తకాలు ముందేసుకుని కూర్చున్న కుర్రాడికి చూపించి, “బాబూ, వాళ్ళమ్మకు విషయం తెలుసా, తెలియదా?” అని అడిగాను. “తెలీదు కద సార్” అన్నాడు. మళ్ళీ చూసి, “ఆగండాగండి, తెలుసు” అన్నాడు. నీ కథంతా ఆవిడకు తెలియడం మీదే నిలబడి ఉంది. అది చదివేవాడికి రెండోసారికి గానీ అందలేదంటే, అప్పటికే కథ కాలు జారినట్టు.

పెన్సిల్ తీసి అందులో కాదులూ లేదులూ ఎన్నో లెక్క పెట్టాను. లేదన్న, తెలియని, కాదు, చెప్పనిదే, అడగకూడదు, ‘లేకపోలేదు’లో రెండు. మొత్తం ఏడు.

తెలుగులో ఇది ఇంకాస్త ఎక్కువగా ఎందుకు బాధిస్తుందో చెప్తాను. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది, ఆ క్రియకు కూడా కాదూ లేదూ తోకలో తగులుకుంటాయి. “నాన్న పొద్దున్నే టిఫిన్ చేసి, బీపీ మాత్ర వేసు...” అనేంత వరకు చదివేవాడు ఏం చేస్తాడు? నాన్నను కుర్చీలో కూర్చోబెడతాడు, గ్లాసుతో నీళ్ళిస్తాడు, అరచేతిలో మాత్ర పెడతాడు. అప్పుడు నువ్వొచ్చి ‘కోలేదు’ అంటావు. పాపం, అతను మాత్ర వెనక్కి తీసుకోవాలి. ఒకసారైతే సర్దుకుంటాడు. తెలియనిది కాదు, లేకపోలేదు అని ఒకే వాక్యంలో పెట్టించి, తీయించి, మళ్ళీ పెట్టించావంటే విసుగొస్తుంది. ఆ విసుగు ఎక్కడిదో అతనికి తెలియదు. ‘కథ నెమ్మదిగా నడిచింది’ అంటాడు.

దీన్ని విప్పుదాం. తెలియనిదేమీ కాదు అంటే తెలుసు. అది తేలిక, రెండు కొట్టేస్తే పోయింది. ‘చెప్పనిదే అడగకూడదు’ కొంచెం ముదురు. అందులో రెండు పనులున్నాయి: ముందు ఆయన చెప్పడం, తర్వాత ఆవిడ అడగడం. నిదే, కూడదు జతపడితే ఆ వరస మరుగున పడుతుంది, చదివేవాడు దాన్ని తనే వెనక నుంచి పేర్చుకోవాలి. నేను ఉద్యోగం చేసిన ఆఫీసులో ‘టోకెన్ తీసుకోనిదే కౌంటర్ వద్దకు రాకూడదు’ అని బోర్డుండేది. జనం దాని కిందే నిలబడి, టోకెన్ లేకుండా, కౌంటర్ దగ్గరే గొడవపడేవాళ్ళు. ‘ముందు టోకెన్ తీసుకోండి. తర్వాత కౌంటర్‌కు రండి’ అని మార్పించడానికి ఆరు నెలలు పట్టింది. పై అధికారికి అందులో గాంభీర్యం తక్కువైందట. నీ వాక్యంలో కూడా అదే పని చెయ్యి: ఆయనే ముందు చెప్పాలని ఎదురుచూస్తోంది. కాలం నడిచిన వరసలోనే మాట నడుస్తుంది.

ఇక లేకపోలేదు. దీని మీద నాకు పాత పగ ఉంది. నా మొదటి కథల సంపుటి మీద ఒక విమర్శకుడు పేజీన్నర రాసి, చివర ‘ఈ సంపుటిలో మంచి కథలు లేకపోలేదు’ అన్నాడు. పద్నాలుగు కథల్లో మంచివి రెండా, పదా? ఓ సభలో పట్టుకుని అడిగితే, నవ్వి, “అట్లా రాస్తే నన్నెవరూ పట్టుకోలేరండీ” అన్నాడు. నిజం చెప్పాడు, మెచ్చుకోవాలి. ఆ మాట ఉన్నదంతా అందుకే: చెప్పీ చెప్పనట్టు తప్పించుకోవడానికి. సంపాదకీయాల్లో ‘అనుమానాలు కలగకపోలేదు’, ‘విమర్శలు రాకపోలేదు’ అని వరసపెట్టి రాస్తారే, చదివి ఆ అనుమానం ఎవరికి కలిగిందో చెప్పు చూద్దాం. ఇరవై రెండేళ్ళ పిల్లవు, నీకెందుకమ్మా ఈ జాగ్రత్తలు? మీ కథలో అమ్మకు పట్టుదల ఉంటే ఉంది.

ఇప్పుడు అసలు ముడి. మొదటి ముక్క: ‘మందులు వేసుకోవడం లేదు’. దీన్ని నేరుగా మార్చుదామని పెన్సిల్ పట్టుకున్నాను, చెయ్యి ఆగింది. మానేశాడా? మరిచిపోతున్నాడా? డబ్బుకు వెనకాడి రోజుకు రెండేసుకోవాల్సింది ఒకటేసుకుంటున్నాడా? కూతురి ముందు నోట్లో వేసుకుని పెరట్లో ఉమ్మేస్తున్నాడా? నాలుగూ నలుగురు వేరే నాన్నలు. ‘వేసుకోవడం లేదు’ అనే దుప్పటి కింద నలుగురూ పడుకున్నారు. కథంతా తిరగేశాను, ఎవరో తేలలేదు. నీక్కూడా తెలియదని నా అనుమానం. లేదు అని రాస్తే ఏది లేదో చెప్తే చాలు, దాని బదులు ఏముందో చూడాల్సిన అవసరం పడదు. మానేశాడు, దాచాడు, మరిచాడు అని రాయాలంటే మాత్రం ఆ గదిలోకి వెళ్ళి చూసి రావాలి. నేను ఈ విషయంలో మొండివాణ్ణి ఎందుకంటే ఇందుకే. చదవడం వేగంగా సాగడం ఒక లాభం, రాసేవాడి దొంగతనం పట్టుబడటం రెండో లాభం.

ఒకవేళ మానేశాడనుకుందాం. అప్పుడు వాక్యం ఇలా:

“నాన్న మందులు మానేశాడని అమ్మకు తెలుసు. ఆ మాట ఆయన నోటితోనే రావాలని పంతం పట్టింది.”

పదిహేడు మాటలు పన్నెండయ్యాయి. లైబ్రరీ కుర్రాడికి మళ్ళీ చూపించలేదు, పాపం అతనికి పరీక్ష దగ్గర పడింది.

ఇంకోటి, ఐదో పేజీలో: “అన్నయ్యకు భయపడి నాన్న ఆస్పత్రికి వెళ్ళలేదు.” ఇందులో ఉన్నది ఒక్క లేదే, కానీ వాక్యానికి రెండు అర్థాలు. భయం వల్ల ఇంట్లో ఉండిపోయాడని ఒకటి. ఆస్పత్రికి వెళ్ళాడు గానీ భయంతో కాదని ఇంకొకటి. చివరి ‘లేదు’ వెళ్ళడాన్ని కొడుతోందా, భయపడటాన్ని కొడుతోందా? రాసినదాంట్లో గుర్తేమీ ఉండదు. మాట్లాడేటప్పుడైతే గొంతు చెప్పేస్తుంది, అందుకే రాసేవాళ్ళకు ఈ తప్పు వినపడదు. ‘అన్నయ్యకు భయపడి ఇంట్లోనే ఉండిపోయాడు’ అంటే ఒకటే అర్థం. ‘నీలా నాకు తెలుగు రాదు’ అన్న మాట కూడా ఇదే జాతి: నీకు వచ్చినంతగా నాకు రాదనా, ఇద్దరికీ రాదనా? చుట్టాల ఇంట్లో ఎవరితోనైనా అని చూడు, గొడవ అవుతుంది.

అచ్చులో ఏం జరుగుతుందో నా అనుభవం విను. సీసం అక్షరాలు పేర్చే రోజుల్లో ఒక వారపత్రికకు నిజాయితీ గల గుమాస్తా మీద కథ పంపాను. ‘లంచం తీసుకోని గుమాస్తా ఫైలు పైకి పంపాడు’ అని రాశాను. అచ్చులో ‘లంచం తీసుకొని గుమాస్తా ఫైలు పైకి పంపాడు’ అని వచ్చింది. ఒక్క దీర్ఘం పోయి నా హీరో లంచగొండి అయ్యాడు. ఆ గుమాస్తాకు మూలం మా సెక్షన్‌లోనే ఎదురు బల్ల మీద కూర్చునేవాడు. పత్రిక చదివి నాలుగు నెలలు నాతో మాట్లాడలేదు. ఎడిటర్ దగ్గరికి వెళ్తే, “ఒక్క దీర్ఘమే కదండీ” అని టీ తెప్పించాడు. సవరణ వేస్తానన్నాడు, వెయ్యలేదు. ఆ రోజు ఎడిటర్‌ను తిట్టుకున్నాను. పదేళ్ళు పోయాక తప్పు నాదీ ఉందని తెలిసింది. ‘గుమాస్తా లంచం కవరు తెచ్చినవాడి చేతిలోనే తిరిగి పెట్టి ఫైలు పైకి పంపాడు’ అని రాసి ఉంటే ఎన్ని దీర్ఘాలు పోయినా మనిషి నిజాయితీ నిలిచేది.

అలాగని వ్యాకరణంలో ‘లేదు’ తీసేసి ‘ఉంది’ పెట్టేస్తే చాలనుకోకు. మా నాయనమ్మ ఇంట్లో బియ్యం లేవు అనేది కాదు, ‘నిండుకున్నాయి’ అనేది. ఆరేళ్ళప్పుడు ఆ మాట నమ్మి డబ్బా మూత తీసి చూశాను, అడుగు కనపడింది. ‘వెళ్ళక తప్పదు’ లాంటివి కూడా వదిలెయ్యి. లెక్కకు రెండు కాదులున్నా అది వాడి వాడి ఒకటే మాటైపోయింది, పైగా ‘వెళ్ళాలి’లో లేని ఈడ్పు అందులో ఉంది. పైన నేను రాసిన ‘ఏమనుకోకు’ సంగతీ అంతే. వద్దనడానికి వద్దనే అనాలి.

నీ చివరి పేజీలో ‘ఆ రోజు పిట్టగోడ మీద నాన్న కళ్ళజోడు లేదు’ అన్న వాక్యాన్ని మాత్రం ముట్టుకోవద్దు. అక్కడ నా పెన్సిల్ కింద పడింది. 1965లో పీటర్ వాసన్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ఒక ప్రయోగం చేశాడు. ఎనిమిది వృత్తాలు, ఏడు ఒక రంగు, ఒకటి వేరే రంగు. ‘ఇది ఎరుపు కాదు’ లాంటి మాటను ఆ వేరేదాని గురించి చెప్పాల్సి వచ్చినప్పుడు జనం తొందరగా చెప్పగలిగారు, మిగతా ఏడింటి గురించి అన్నప్పుడు తడబడ్డారు. ఉండాల్సింది లేకపోతే ‘లేదు’ అన్న మాట బరువనిపించదు. నువ్వు మూడు పేజీల్లో నాలుగు చోట్ల ఆ కళ్ళజోడును పిట్టగోడ మీద పెట్టావు. అందుకే ఐదోసారి దాని ‘లేదు’ సరిగ్గా తగిలింది. అలా ముందు పెట్టకుండా తీసేవే మిగతా ఇరవై చోట్లా. లే, కా, కుండా, కపో, కూడదు అన్న వాటన్నిటి కిందా పెన్సిల్ గీత గీశాను. ఒకే వాక్యంలో రెండు గీతలు పడ్డ చోట్ల ఆగి చూడు.

సంపుటి ఎప్పుడు వెయ్యాలి, ఏ పత్రికకు పంపాలి అని అడిగావు. అవి తర్వాత మాట్లాడుకుందాం. ముందు మీ నాన్న, కథలో నాన్నే, ఆ మాత్రల్ని రోజూ ఏం చేస్తున్నాడో కార్డు ముక్క మీద రాసి పంపు. చిరునామా వెనక ఉంది.