కోతి గుండె కథకు కొత్త ముగింపు

గుణుపూర్

చిరంజీవి అమ్మలుకి,

పెదనాన్న ఆశీస్సులు. పాత నీతికథకు నీతి లేని తమాషా ముగింపు రాయాలని నువ్వు పంపిన రెండు ప్రతులూ చదివాను. కోతి–మొసలి కథను ఎంచుకోవడం మంచిదైంది. మన పిల్లలు దాన్ని ఇంట్లో తెలుగులో వింటారు, బడిలో ఒడియాలోనూ వింటారు. పాత ముగింపు తెలిసినవాళ్లకే కొత్త ముగింపులో వింత తెలుస్తుంది.

ఇబ్బందంతా చివర్లోనే ఉంది. మొదటి ప్రతిలో మొసలిని గెలిపించావు. దాంతో నీతి తలకిందులైంది గానీ పోలేదు. "తెలివి అన్నిసార్లూ పనికిరాదు" అని విన్నవాళ్లు ఇట్టే చెప్పేస్తారు. రెండో ప్రతిలో హెలికాప్టర్ దించావు. అది సింహం–కుందేలు కథలో దిగినా ఒకటే, కాకి–పాము కథలో దిగినా ఒకటే. ఈ కథకు అది ఏమీ కాదు.

ముగింపును పాత కథలోంచే తీయాలమ్మా. దానికి దారి ఒక్కటే: ఆ కథలో ఎవరూ అడగకుండా వదిలేసిన ప్రశ్న ఏదో వెతకాలి. పంచతంత్రంలో నాలుగోదైన లబ్ధప్రణాశం ఈ కథతోనే నడుస్తుంది. నది మధ్యలో కోతి "గుండె చెట్టు మీద వదిలేశాను" అంటే మొసలి వెనక్కి తిరుగుతుంది. జాతక కథలో కోతి మేడిచెట్టుకు వేలాడే పళ్లను చూపించి అవే తమ గుండెలంటుంది. అక్కడా మొసలి నమ్ముతుంది. ఎందుకు నమ్మింది? తెలివి తక్కువై నమ్మిందని మనం సరిపెట్టుకుంటాం. ఆ జవాబు పక్కన పెట్టు. మొసళ్లకు అది మామూలు సంగతే అనుకో. నీళ్లలోకి దిగేముందు, తడవకుండా, గుండె తీసి సంచిలో వేసి ఇంట్లో చిలక్కొయ్యకు తగిలించి వెళతాయి.

ఇప్పుడు మొసలి భార్య మాట గుర్తు చేసుకో. రోజూ నేరేడుపళ్లు తినే కోతి గుండె ఎంత తియ్యగా ఉంటుందో అంటుంది. మరి ఆ పళ్లు మొసలి కూడా రోజూ తింటోంది కదా! ముగింపు ఇక్కడే ఉంది. నేనైతే ఇలా రాస్తాను:

"కోతి చెట్టెక్కి, 'పిచ్చి బావా, గుండె ఎవరైనా చెట్టు మీద పెడతారా?' అంది. 'అదే నేనూ అనుకున్నాను, వానొస్తే తడిసిపోదూ? మేం చిలక్కొయ్యకు తగిలిస్తాం' అని మొసలి ఇంటికెళ్లింది. చూస్తే సంచి ఖాళీ. భార్య మూతి తుడుచుకుంటూ, 'భలే తియ్యగా ఉందండీ, నొప్పి కూడా తగ్గింది' అంది. మర్నాడు మొసలి మళ్లీ చెట్టు కిందికొచ్చింది. 'బావా, ఎల్లుండి అత్తారింట్లో పెళ్లి. గుండె లేకుండా వెళితే బాగుండదు. నీది ఒక్కరోజు ఇస్తావా?' అంది. కోతి పై కొమ్మకెక్కి వెతకడం మొదలుపెట్టింది."

ఇందులో కొత్త పాత్ర లేదు. ఎవరూ ఆశ్చర్యపోలేదు, ఎవరూ నవ్వలేదు. అది ముఖ్యం. పాత్రలు నోరు వెళ్లబెడితే పిల్లలకు ఆ పని మిగలదు. చెప్పే గొంతు కూడా మొదటి వాక్యం నుంచి చివరిదాకా మన నాయనమ్మలు చెప్పినట్టే ఉండాలి.

ఇక సంచి సంగతి. అది చివర్లోనే మొదటిసారి కనిపిస్తే మోసంలా ఉంటుంది. మొసలి భార్య అలిగే చోట ఒక్కసారి కనబడనీ. "చాప పరిచింది, కొయ్యకున్న సంచి పక్కకు జరిపింది, కడుపు పట్టుకుని పడుకుంది" అని రెండు పనుల మధ్య పెట్టేయి. సంచిలో ఏముందో అప్పుడు చెప్పకు. నేరేడుపళ్లు మొసలి తినడం పాత కథలోనే ఉంది, దాన్ని మాత్రం నొక్కి చెప్పు. "రోజూ దోసెడు" అను, చాలు.

రాశాక ఒక్క పిల్లకు పైకి చదివి వినిపించు. సంచి ఖాళీ అన్నచోట "ఏ సంచి?" అని అడిగితే ముందు నువ్వు చెప్పింది చాల్లేదు, అలిగే చోటికి వెళ్లి ఆ వాక్యాన్ని కాస్త సాగదీయి. భార్య పడుకోగానే "సంచిలో ఏముంది?" అని అడిగితే ఎక్కువైంది, ఆ మాటను వాక్యం మధ్యలోకి ఇంకా లోపలికి తోసేయి. చివర్లో "తర్వాత?" అని అడిగితే మాత్రం ఏమీ మార్చకు. ఆ ప్రశ్న రావాలి. జవాబు రాయకు, ఆ పిల్లనే చెప్పమను.

కోతికి గుండె దొరికిందా లేదా అన్నది నువ్వు కూడా తేల్చుకోకు. తేల్చుకుంటే చదివేటప్పుడు నీ గొంతులో తెలిసిపోతుంది. నది దాటే భాగం సగానికి తగ్గించు, అది అందరికీ తెలిసిందే. దసరా సెలవులకు రాయగడ నుంచి వచ్చేటప్పుడు మూడో ప్రతి తెచ్చుకో, అరుగు మీద పిల్లలతో కలిసి వింటాను.

ఇట్లు,
పెదనాన్న