మంచి లాట్ వెనక్కి పోయినా తప్పే, చెడ్డ లాట్ లోపలికి వచ్చినా తప్పే

ప్రశ్న: మాది నెల్లూరు. చెన్నైలో బి.టెక్ మెకానికల్ ఫైనలియర్ చదువుతున్నాను. శ్రీపెరుంబుదూరులో ఒక ఆటో విడిభాగాల కంపెనీలో క్వాలిటీ ట్రైనీ ఇంటర్వ్యూకి వెళ్లాను. టైప్ వన్, టైప్ టూ ఎర్రర్ అంటే ఏమిటని అడిగితే పుస్తకంలో ఉన్న నిర్వచనం చెప్పాను. "సరే, మా ఇన్‌స్పెక్షన్ టేబుల్ దగ్గర అవి ఎలా ఉంటాయి? రెండూ తగ్గాలంటే ఏం చేస్తావు?" అన్నారు. నోట మాట రాలేదు. వచ్చే నెల ఇంకో ఇంటర్వ్యూ ఉంది. ఎలా చెప్పాలి సార్?

జవాబు: ముందు ఆ టేబుల్ దగ్గర ఏం జరుగుతుందో చూద్దాం. అంబత్తూరు నుంచి ఒక సప్లయర్ 5,000 బుష్‌లు పంపాడనుకోండి. ఇన్‌స్పెక్టర్ అక్కడో ఇక్కడో కలిపి 50 తీసి, ఒక్కోదాని రంధ్రంలో ప్లగ్ గేజ్ పెట్టి చూస్తాడు. గో వైపు దూరాలి, నో-గో వైపు దూరకూడదు. 50లో ఒక్కటి పాడైనా ఫర్వాలేదు, లాట్ తీసుకుంటారు. రెండు తేలితే లాట్ మొత్తం వెనక్కి. మిగతా 4,950 బుష్‌లను ఎవరూ చూడరు. చిక్కంతా అక్కడే.

ఇక్కడ నల్ హైపోథెసిస్ "లాట్ బాగానే ఉంది" అన్నది. 1 శాతం చెడు ఉంటే మంచి లాట్, 5 శాతం ఉంటే తీసుకోకూడని లాట్ అని ఇద్దరూ ఒప్పుకున్నారనుకుందాం. నిజంగా 1 శాతమే చెడు ఉన్న లాట్‌లోంచి తీసిన 50లో, మన దురదృష్టం కొద్దీ రెండో మూడో పాడైనవి తగలొచ్చు. లెక్క వేస్తే ఆ అవకాశం సుమారు 9 శాతం. అలా మంచి లాట్‌ను తిప్పి పంపడం టైప్ వన్. నష్టం సప్లయర్‌ది కాబట్టి షాప్‌లో దీన్ని ప్రొడ్యూసర్స్ రిస్క్ అంటారు. ఇక 5 శాతం చెడు ఉన్న లాట్‌లోంచి తీసిన 50లో ఒకటే పాడైనది రావచ్చు, అసలు రాకపోనూవచ్చు. ఈ అవకాశం సుమారు 28 శాతం. ఆ లాట్ లైన్ మీదికి వెళ్లిపోతుంది. ఇది టైప్ టూ, కన్స్యూమర్స్ రిస్క్.

28 శాతం చూడగానే ఎవరైనా "రూల్ బిగించేద్దాం, ఒక్కటి పాడైనా లాట్ వద్దు" అంటారు. మీరూ ఆ మాటే అంటే ప్యానెల్ వెంటనే పట్టుకుంటుంది. అలా చేస్తే చెడ్డ లాట్ దాటిపోయే అవకాశం 8 శాతానికి దిగుతుంది, నిజమే. కానీ మంచి లాట్ వెనక్కి పోయే అవకాశం 9 నుంచి దాదాపు 40 శాతానికి ఎగబాకుతుంది. లారీ కిరాయి, మళ్లీ ఏరి చూసే కూలీ, ఆగిపోయిన లైన్, అన్నీ మీద పడతాయి. శాంపిల్ 50 దగ్గరే ఉంచి రూల్ మాత్రం మారిస్తే ఒకటి తగ్గినప్పుడల్లా రెండోది పెరుగుతుంది.

రెండూ తగ్గాలంటే శాంపిల్ పెంచాలి. 125 తీసి, మూడు వరకు ఒప్పుకోండి. అప్పుడు టైప్ వన్ సుమారు 4 శాతం, టైప్ టూ సుమారు 12 శాతం అవుతాయి. దీనికి ఖర్చు ఇన్‌స్పెక్టర్ సమయం. అందుకే ఫ్యాక్టరీలు శాంపిల్ సైజును ఊహించి పెట్టుకోవు. మన దేశంలో దీనికి IS 2500 అనే ప్రమాణం ఉంది, అందులోని టేబుల్స్ చూసి ప్లాన్ ఎంచుకుంటారు.

ఇంకో ప్రశ్న రావచ్చు: "టైప్ వన్ 9 శాతం అంటే, వెనక్కి పంపిన లాట్లలో 9 శాతం మంచివనేగా?" చాలామంది అవునంటారు. కాదు. మన మొదటి రూల్‌తోనే లెక్క చూడండి. వచ్చిన 100 లాట్లలో 95 మంచివి, 5 చెడ్డవి అనుకుందాం. మంచివాటిలో 9 శాతం, అంటే ఎనిమిదో తొమ్మిదో వెనక్కి పోతాయి. చెడ్డ ఐదింటిలో మూడో నాలుగో దొరుకుతాయి. అంటే తిప్పి పంపిన పన్నెండింటిలో ఎక్కువ భాగం మంచివే! మంచి సప్లయర్ "నా మాల్ బాగుంది మొర్రో" అని గోల పెట్టేది ఊరికే కాదు.

ఏది పెద్ద ప్రమాదమంటే, భాగాన్ని బట్టి చెప్పండి. సీటు కింద వేసే వాషర్ అయితే చెడ్డది ఒకటి దాటినా లైన్‌లో తీసి పారేయొచ్చు. బ్రేక్ భాగమైతే టైప్ టూనే భయం. అక్కడ 125 కాదు, 500 తీసినా ఆ రిస్క్ సున్నా కాదు. శాంపిల్‌ను నమ్ముకోకుండా ప్రతి ముక్కనూ చూడాలని, తయారీ దగ్గరే ప్రాసెస్‌ను కంట్రోల్‌లో పెట్టాలని చెప్పండి.

ఈ అంకెలు బట్టీ పట్టొద్దు, ఎక్సెల్‌లో మీరే తెచ్చుకోండి:

```
=1-BINOM.DIST(1,50,0.01,TRUE)
=BINOM.DIST(1,50,0.05,TRUE)
```

మొదటిది టైప్ వన్, రెండోది టైప్ టూ. రెండో దానిలో 0.05 తీసేసి 0.02 పెట్టి చూడండి, 0.74 వస్తుంది. అంటే 2 శాతం చెడు ఉన్న లాట్ నాలుగింట మూడుసార్లు దాదాపుగా దాటిపోతుంది. కాబట్టి ఎవరైనా "మీ టైప్ టూ ఎంత?" అని అడిగితే, లాట్‌లో ఎంత శాతం చెడు ఉన్నప్పుడో ముందు వాళ్లనే అడగండి.