మీటింగ్‌కి నా బదులు కొలీగ్‌ని పంపొచ్చా?

బెంగళూరులో పని చేస్తున్నాను. గురువారం క్లయింట్ రివ్యూకి వెళ్లలేను. నా బదులు కొలీగ్‌ని పంపుతానని ఎలా అడగాలి?

ముందు మీటింగ్ పిలిచినవాళ్లని అడగండి, తర్వాతే ఇన్వైట్ ఫార్వర్డ్ చేయండి. అవుట్‌లుక్‌లో ఫార్వర్డ్ చేస్తే మామూలుగా వాళ్లకి నోటిఫికేషన్ వెళ్తుంది. అడగకుండా పంపారని అలా తెలిస్తే బాగుండదు.

మెసేజ్‌లో అసలు విషయం మీరెందుకు రాలేరన్నది కాదు, దానికి ఒక్క ముక్క చాలు. వచ్చే మనిషికి ఏం తెలుసు, దేనికి సరే అనగలరు అన్నది రాయాలి. చాలామంది వదిలేసేది ఇదే. పిలిచినాయన తెలుగువారైతే ఇలా:

“సార్, గురువారం 3 గంటల రివ్యూకి నేను రాలేకపోతున్నాను, ఆ టైమ్‌కి హాస్పిటల్ అపాయింట్‌మెంట్ ఉంది. మీకు అభ్యంతరం లేకపోతే నా బదులు ప్రియ వస్తుంది. టెస్టింగ్ పనంతా తనే చూస్తోంది. రిలీజ్ తేదీ తను ఖాయం చేయగలదు. బడ్జెట్ మార్పు మాత్రం నాతోనే మాట్లాడాలి, శుక్రవారం ఉదయం ఫోన్‌లో ఉంటాను. నేనే ఉండాలంటే చెప్పండి, టైమ్ మారుద్దాం.”

ప్రియని ముందే ఒప్పించండి. మీరూ వెళ్తూ తనని వెంట తీసుకెళ్లాలంటే “రావచ్చా” అని అడిగి, తను ఏ భాగం మాట్లాడుతుందో చెప్తే చాలు. క్లయింట్ ఆఫీసులో అయితే గేటు పాస్ కోసం పేరు ముందురోజే ఇవ్వండి.

జీతం, పనితీరు గురించి మీతో విడిగా పెట్టిన మీటింగ్‌కి మాత్రం మనిషిని పంపకండి, వేరే టైమ్ అడగండి.