మా మల్లి పెరుగన్నం తినే పెరిగింది, కానీ చూపు పోయింది

ప్రశ్న: మా ఇంట్లో ఎవరం నీచు ముట్టం. పిల్లికి పాలన్నం, పెరుగన్నం పెడుతున్నాం, ఇష్టంగానే తింటోంది. మాంసంలో ఉండే టౌరిన్ అనే పదార్థం అందకపోతే పిల్లికి ప్రమాదం అంటున్నారు, నిజమేనా? మా తాతల కాలం నుంచీ పిల్లులు ఇలాగే బతికాయి కదండీ?

బతకలేదండి. నేనూ ఏళ్ల తరబడి మీలాగే నమ్మాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

మాది కోనసీమలో ముమ్మిడివరం దగ్గర పల్లెటూరు. ఇంట్లో ఉల్లిపాయ కూడా అరుదుగా వండేవారు. మల్లి అని తెల్లటి పిల్లి ఉండేది. పొద్దున్న పాలన్నం, మధ్యాహ్నం మా పంక్తి లేచాక పెరుగన్నం, ఏకాదశి నాడు అటుకులు పాలల్లో నానబెట్టి పెట్టేవారు. నున్నగా మెరిసేది. "మన మల్లి బంగారం రా, నీచు ముట్టదు" అని అమ్మ ఊరంతా చెప్పుకునేది. పెరట్లో ధాన్యం పురి ఉండేది, పక్కనే గడ్డిమేటు, అవతల కొబ్బరితోట. రాత్రి తొమ్మిదింటికి మల్లి గోడ దూకి పోయేది, తెల్లారి పాలవాడు వచ్చే వేళకి తిరిగొచ్చేది. ఆ మధ్యలో ఏం తినేదో మేమెవరం అడగలేదు. పురి విప్పిన రోజున కింద ఎలుక తోకలు కనబడేవి. దాని అసలు భోజనం అక్కడ. మా పెరుగన్నం దానికి ఊరగాయ ముక్క లాంటిది.

మీ తాతగారి పిల్లీ అంతే. వరి పండే ఊళ్లో, పురి ఉన్న ఇంట్లో పిల్లికి మాంసం కరువు ఎప్పుడూ లేదు. మనం పెట్టిందే మనకి కనిపించింది, అది వేటాడింది కనిపించలేదు.

2019లో నాన్నగారు పోయాక అమ్మని అమలాపురం తీసుకొచ్చేశాను. అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు. మల్లీ వచ్చింది. పావురాలు రాకుండా బాల్కనీకి వల కట్టించాం. ఆ వల కట్టిన రోజే దాని వంటిల్లు మూతపడిందని మాకు తట్టలేదు. అవే పాలు, అదే పెరుగన్నం, పైన కాస్త పప్పూ నెయ్యీ. సరిపోవడం లేదేమోనని కొట్లో అడిగితే బిస్కట్ల సంచీ ఇచ్చారు. అది కుక్కల మేత. "రెండూ ఒకటేనండి" అన్నాడు కొట్టతను. ఒకటి కాదు. చాలా కుక్కలు టౌరిన్ తమ ఒంట్లోనే తయారు చేసుకుంటాయి. అందుకే కుక్కల మేతలో దాన్ని విడిగా కలపాలన్న నియమం లేదు. పిల్లుల మేతలో కలిపి తీరాలి. ఆ చిన్న తేడా తెలియకుండా మేత అమ్మేవాళ్లు మన ఊళ్లలో ఎంతమంది ఉన్నారో తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

2021 దీపావళి ముందు ఇల్లు దులుపుతూ సోఫా ఈ గోడ నుంచి ఆ గోడకి జరిపాం. ఆ సాయంత్రం మల్లి పాత సోఫా ఉన్న చోటికి గెంతి, గచ్చు మీద పడింది. లేచి మళ్లీ అక్కడికే గెంతింది. అమ్మ నవ్వబోయి ఆగిపోయింది. దగ్గరికెళ్లి ముఖం పట్టుకుని చూశాను. ట్యూబ్‌లైట్ వెలుగులో కూడా కంటిపాపలు రెండూ నల్లగా, గోళీల్లా విప్పుకుని ఉన్నాయి. టార్చి వేస్తే ముడుచుకోవలసినంత ముడుచుకోలేదు. అప్పుడు లెక్కకి తేలింది: కొన్ని నెలలుగా అది కిటికీ ఎక్కడం మానేసింది, ఈగని తరమడం మానేసింది. సామాన్లన్నీ ఎక్కడివక్కడే ఉండబట్టి అలవాటు మీద నడిచిపోయేది. మాకు తెలియలేదు.

మొదట చూపించిన చోట పుట్టుకతో వచ్చిందని చెప్పి చుక్కలు రాసిచ్చారు. ఆరేళ్ల పిల్లికి పుట్టుకతో రావడమేమిటో! ఇంకో వారానికి నిద్రలో కూడా రొప్పడం మొదలెట్టింది. కాకినాడ తీసుకెళ్లాం. ఆ డాక్టరుగారు కంట్లోకి లైటు వేసి చూశారు, గుండెకి స్కాన్ తీశారు, ఆ తర్వాత అమ్మని అడిగిన మొదటి మాట "ఏం పెడతారమ్మా దీనికి?" అని. అమ్మ గర్వంగానే చెప్పింది. ఆయన కాసేపు మాట్లాడలేదు. గుండె ఉబ్బి, గోడలు పలచబడి, నెత్తుటిని నెట్టలేకపోతోంది. కంటి వెనక పొర, రెటీనా అంటారే, అది చాలా మేర చచ్చిపోయింది. రెండింటికీ మూలం ఒకటే, టౌరిన్ లేకపోవడం.

ఆయన చెప్పింది, తర్వాత నేను చదివి రూఢి చేసుకున్నది మీకు చెబుతాను. టౌరిన్ అనేది జంతువుల కండలో, ముఖ్యంగా గుండెలో, కంటిపొరలో దండిగా ఉండే పదార్థం. మొక్కల ఆహారంలో దాదాపు ఉండదు. మనం తినకపోయినా మన కాలేయం గంధకం ఉన్న అమైనో ఆమ్లాల నుంచి కొంత తయారు చేసుకుంటుంది. పిల్లికీ ఆ యంత్రం ఉంది గానీ అందులోని ఎంజైములు మరీ బలహీనం, అవసరానికి చాలదు. అక్కడితో అయిపోతే ఏదోలా నెట్టుకొచ్చేదేమో. రెండో చిక్కు పైత్యరసంలో ఉంది. కొవ్వు అరగాలంటే పైత్య ఆమ్లాలకి ఏదో ఒకటి జతకట్టాలి. మన ఒంట్లో టౌరిన్ తక్కువైతే గ్లైసిన్‌తో పని జరిగిపోతుంది. పిల్లి కాలేయం టౌరిన్‌తో తప్ప జత కట్టదు. తిన్న ప్రతిసారీ పేగులోకి టౌరిన్ జారుతుంది. కొంత తిరిగి ఒంట్లోకి వస్తుంది, మిగిలింది పేగులోని సూక్ష్మజీవులు తినేయడమో మలంలో పోవడమో జరుగుతుంది. చిల్లుకుండ అన్నమాట. పైనుంచి పోస్తూ ఉంటేనే నిండుగా ఉంటుంది. ఎలుక దొరికినన్నాళ్లూ పోస్తూనే ఉంది. వల కట్టాక చిల్లు మాత్రం మిగిలింది.

పాలల్లో మాంసకృత్తులు ఉన్నాయి కదా అని అమ్మ అడిగింది. పాలు విరిగితే గడ్డకట్టేది ఉంటుందే, కేసీన్, దాన్నే మాంసకృత్తుగా పెట్టి పిల్లుల్ని పెంచిన ప్రయోగం ఒకటుంది. వాటి రెటీనా దెబ్బతింది. కారణం టౌరిన్ లేకపోవడమేనని 1975లో ప్రచురించారు. గుండె సంగతి ఇంకా ఆలస్యంగా, 1987లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్‌లో పాల్ పియాన్, ఆయన సహచరులు తేల్చారు. చిత్రమేమిటంటే అప్పుడు జబ్బుపడ్డవి కంపెనీ మేత తిన్న పిల్లులే. అందులో ఉన్న టౌరిన్ చాలలేదు. పెంచాక ఆ గుండెజబ్బు అరుదైపోయింది. అంటే మా మల్లికి వచ్చింది, ముప్ఫై ఏళ్ల కిందటే జవాబు దొరికిన జబ్బు.

టౌరిన్ ఒక్కటే అయితే మాత్ర కలిపి పెరుగన్నమే పెట్టేద్దురు. అలా కుదరదండి. మనం కారెట్టూ మునగాకూ తింటే అందులోని పసుపు పదార్థం ఒంట్లో విటమిన్ ఎ అవుతుంది. పిల్లిలో ఆ మార్పు జరగదు, తయారైన విటమిన్ ఎ కాలేయం లాంటి వాటి నుంచే రావాలి. నూనెల్లోని కొవ్వు నుంచి అరాకిడోనిక్ ఆమ్లం కూడా చాలినంత చేసుకోలేదు, అది జంతువుల కొవ్వులో దొరకాలి. ఇంకా పెద్ద సంగతి, పిల్లి కాలేయం మాంసకృత్తుల్ని విరిచి చక్కెర తయారు చేసే పని ఎప్పుడూ ఆపదు. ఎంత అన్నం పెట్టినా ఆ పొయ్యి పెద్దగా తగ్గించుకోలేదు. బయటి మాంసకృత్తు తక్కువైతే సొంత కండనే కాల్చుకుంటుంది. దాని పూర్వీకులు వేల తరాలు వేట మీదే బతికారు. అన్నీ తయారుగా దొరుకుతుంటే ఒంట్లో తయారు చేసుకునే పనిముట్లు మూలపడ్డాయి. తీపి రుచి చూసే జన్యువు కూడా పిల్లిలో పాడైపోయి ఉంది. అమ్మ పాలల్లో వేసిన పంచదార దానికి తెలియనే తెలియదు. అది నాకింది మీగడ కోసం.

మల్లికి పూటకి 250 మిల్లీగ్రాముల టౌరిన్, రోజుకి రెండు పూటలు ఇచ్చాం. ఊపిరితిత్తుల దగ్గర చేరిన నీరు పోవడానికి వేరే మందు. డాక్టరుగారు అమ్మకి ఒక పని అప్పగించారు: అది గాఢంగా నిద్రపోతున్నప్పుడు నిమిషానికి ఎన్నిసార్లు పొట్ట లేచి పడుతోందో లెక్కపెట్టి రాయమన్నారు. ముప్ఫై లోపు ఉండాలి. మొదటి రాత్రి 52. అమ్మ విష్ణు సహస్రనామం పుస్తకం వెనక అట్ట మీద వరసగా అంకెలు వేసింది. మూడు వారాలకి 34, తర్వాత 26. మూడు నెలలకి స్కాన్‌లో గుండె దాదాపు మామూలు పరిమాణానికి వచ్చింది. చూపు మాత్రం రాలేదు. చచ్చిన రెటీనా కణాలు తిరిగి మొలవవు, మిగిలినవి పోకుండా ఆగుతాయి, అంతే.

ఇప్పుడు మా ఇంట్లో నీచు వండరు, వండక్కర్లేదు కూడా. పిల్లుల కోసమే చేసిన మేత, సంచీ మీద పెద్ద పిల్లులకి పూర్తి ఆహారం అని, టౌరిన్ కలిపామని రాసి ఉన్నది తెస్తాం. అందులో కలిపే టౌరిన్ సాధారణంగా కర్మాగారంలో చేసినదే. అయినా మేతలో మాంసం ఉంటుంది. అమ్మ దానికి వేరే గిన్నె, వేరే అరుగు పెట్టుకుంది. మీ ఇంట్లో చేపలు వండే మనిషి ఉంటే మంచిదే, కానీ రెండు జాగ్రత్తలు. టౌరిన్ నీళ్లలో కరిగిపోతుంది, ఉడికించిన నీళ్లు పారబోస్తే సగం సారం తూములోకి పోయినట్టే, ఆ నీళ్లతో సహా పెట్టండి. పచ్చిచేప పెట్టకండి. కొన్ని చేపల్లో విటమిన్ బి1ని విరిచేసే ఎంజైము ఉంటుంది, ఉడికిస్తే అది పోతుంది.

మళ్లీ ఊరికి పంపేయండి, ఎలుకల్ని పట్టుకుంటుంది అని కొందరు చెబుతారు. ఇప్పటి చేలల్లో గట్లమ్మట ఎలుకల మందు పెడుతున్నారు. నెత్తురు గడ్డకట్టనివ్వని రకం మందు తిన్న ఎలుక వెంటనే చావదు, కొన్ని రోజులు తూలుతూ తిరుగుతుంది. పిల్లికి సులువుగా చిక్కేది అదే. మా ఊళ్లో మల్లి తోడబుట్టినది అలాగే ముక్కున నెత్తురు కారి పోయింది.

మీ పిల్లి ఏడాదికి పైగా పెరుగన్నం మీదే ఉంటే మేత మార్చి ఊరుకోకండి. ఈ రాత్రి అది నిద్రపోయాక ఊపిరి లెక్కపెట్టండి, రేపు వెలుగులో కంటిపాపలు చూడండి. రెండూ బాగున్నట్టు అనిపించినా గుండెకి ఒకసారి స్కాన్ తీయించండి. గుండె పాడవుతున్నా చాలాకాలం బయటికి ఏమీ కనబడదు, ఆ దశలో పట్టుకుంటే చాలాసార్లు తిరిగొస్తుంది.