ఆర్‌ఓఈ పెరిగింది, వ్యాపారం మాత్రం బలహీనపడింది

ప్రశ్న: "ఆర్‌ఓఈ ఏటా పెరుగుతూ పోతున్న కంపెనీ ఒకటి కనిపించింది. కొనే ముందు ఇంకా ఏమైనా చూడాలా?"

చూడాలి. నేను చూడకుండా కొని నష్టపోయాను. అది యంత్రాల విడిభాగాలు తయారు చేసే మధ్యతరహా కంపెనీ. మూడేళ్లలో దాని ఆర్‌ఓఈ 16 శాతం నుంచి 24 శాతానికి చేరింది. ఆ ఒక్క అంకె నాకు చాలనిపించింది. షేరు ధర సగానికి పడిపోయాక గానీ వార్షిక నివేదికలు తీసి, పెన్సిలు పట్టుకుని కూర్చోలేదు.

ఆర్‌ఓఈ అంటే రిటర్న్ ఆన్ ఈక్విటీ, నికర లాభాన్ని నెట్‌వర్త్‌తో, అంటే వాటాదారుల సొంత డబ్బుతో, భాగించగా వచ్చేది. దాన్ని మూడు ముక్కలుగా విడదీయవచ్చు. అమెరికాలోని డూపాంట్ కంపెనీలో వంద సంవత్సరాల కిందట మొదలైన పద్ధతి కాబట్టి దానికి ఆ పేరే నిలిచింది.

```
ఆర్‌ఓఈ = (లాభం ÷ అమ్మకాలు) × (అమ్మకాలు ÷ ఆస్తులు) × (ఆస్తులు ÷ నెట్‌వర్త్)
```

మొదటిది వంద రూపాయల అమ్మకంలో ఎంత మిగులుతోందో చెబుతుంది. రెండోది ఉన్న ఆస్తులతో ఎంత సరుకు అమ్ముతున్నారో చెబుతుంది. మూడోది ఆ ఆస్తుల్లో సొంత డబ్బు ఎంత, బయటి డబ్బు ఎంత అన్నది. మొదటి రెండూ వ్యాపారం గురించి, మూడోది పెట్టుబడి ఎక్కడిదన్న దాని గురించి.

నా కంపెనీ లెక్కలు సుమారు అంకెల్లో ఇవి. మొదటి ఏడాది అమ్మకాలు 1,000 కోట్లు, లాభం 80 కోట్లు, ఆస్తులు 800 కోట్లు, నెట్‌వర్త్ 500 కోట్లు. అంటే 8 శాతం × 1.25 × 1.6, వెరసి 16 శాతం. మూడేళ్ల తర్వాత అమ్మకాలు 1,200 కోట్లు, లాభం 72 కోట్లు, ఆస్తులు 1,200 కోట్లు, నెట్‌వర్త్ 300 కోట్లు. అంటే 6 శాతం × 1 × 4, వెరసి 24 శాతం. మార్జిన్ తగ్గింది, ఆస్తుల వినియోగం తగ్గింది. అయినా మూడో ముక్క ఒక్కటే 1.6 నుంచి 4కు పెరిగి మొత్తాన్ని పైకి లాగింది.

లాభాలు వస్తుంటే నెట్‌వర్త్ 200 కోట్లు ఎలా తగ్గింది? సమాధానం వార్షిక నివేదిక చివరి నోట్స్‌లో దొరికింది. ఒక అనుబంధ సంస్థలో పెట్టిన డబ్బు మునిగిపోయింది. దాన్ని కంపెనీలో విలీనం చేసుకుంటూ, ఆ నష్టాన్ని లాభనష్టాల ఖాతాలో చూపకుండా నేరుగా రిజర్వుల నుంచి తీసేశారు. కంపెనీ లా ట్రైబ్యునల్ ఆమోదించిన పథకం కాబట్టి చట్టప్రకారం తప్పేమీ లేదు. కానీ మునిగిన డబ్బు హారం నుంచి మాయమై, ఆర్‌ఓఈని అందంగా చేసింది. ఈక్విటీలో మార్పుల పట్టిక అని ఒక పేజీ ఉంటుంది. మొదట అక్కడికి వెళ్లండి.

ఇదే సమయంలో అప్పు 100 కోట్ల నుంచి 700 కోట్లకు చేరింది. పది శాతం వడ్డీ వేసుకుంటే ఏటా 70 కోట్లు. వడ్డీకి, పన్నుకు ముందు లాభం 166 కోట్లు కాబట్టి ఆ ఏడాది గడిచిపోయింది. మరుసటి ఏడాది ఆర్డర్లు మందగించి ఆ లాభం 100 కోట్లకు పడింది. వడ్డీ పోగా 30, పాతిక శాతం పన్ను పోగా 22.5 కోట్లు మిగిలింది. ఆర్‌ఓఈ 24 నుంచి సుమారు 7.5కు జారింది. మొదటి ఏడాది అప్పు, నెట్‌వర్త్‌తోనే ఉండి, వడ్డీకి, పన్నుకు ముందు లాభం ఇలాగే సుమారు 40 శాతం తగ్గి ఉంటే, 16 నుంచి 9 దగ్గర ఆగేది.

ఒక్క లెక్క ముందే నన్ను హెచ్చరించి ఉండేది. వడ్డీకి, పన్నుకు ముందు లాభాన్ని అప్పు, నెట్‌వర్త్ మొత్తంతో భాగించి చూడాల్సింది. మొదటి ఏడాది అది 19 శాతం పైన, మూడేళ్ల తర్వాత 17 కంటే తక్కువ. ఆర్‌ఓఈ పెరుగుతూ ఇది తగ్గుతుంటే ఆ పెరుగుదల అప్పుదో, కుదించిన హారందో అయి ఉంటుంది.

హారం తిరగబడినప్పుడు ఏమవుతుందో హిందుస్థాన్ యూనిలీవర్‌లో చూడవచ్చు. 2019-20లో సుమారు 8,000 కోట్ల నెట్‌వర్త్ మీద 6,700 కోట్ల లాభం, అంటే ఆర్‌ఓఈ 80 శాతం పైమాటే. 2020లో హార్లిక్స్ తయారు చేసే జీఎస్‌కే కన్స్యూమర్ హెల్త్‌కేర్‌ను షేర్లు జారీ చేసి విలీనం చేసుకుంది. నెట్‌వర్త్ దాదాపు 47,000 కోట్లయింది. లాభం పెరిగి 7,900 కోట్లు దాటినా ఆర్‌ఓఈ 17 శాతం దగ్గరకు వచ్చింది. మార్జిన్ ఇంచుమించు కదలలేదు. గుడ్‌విల్, బ్రాండుల విలువ ఆస్తుల్లో చేరడంతో రెండో ముక్క దాదాపు 2 నుంచి 0.7 లోపుకు పడిపోయింది. అంతకుముందు 80 శాతం కనిపించడానికి, సొంతంగా పెంచుకున్న బ్రాండుల విలువ పుస్తకాల్లో లేకపోవడం కూడా ఒక కారణం.

మీరు చూసిన కంపెనీ బ్యాంకో, ఫైనాన్స్ సంస్థో అయితే ఈ లెక్క ఇలాగే వాడకండి. డిపాజిట్లు, అప్పులే వాటి ముడిసరుకు, మూడో ముక్క ఎక్కువగానే ఉంటుంది. అక్కడ ఆస్తుల మీద రాబడి, మొండి బాకీలు, మూలధన నిష్పత్తి చూడాలి. తయారీ కంపెనీ అయితే ఐదేళ్ల మూడు ముక్కలనూ ఒక కాగితం మీద పక్కపక్కనే రాసి ఇక్కడ పెట్టండి, నోట్స్ కలిసి చదువుదాం.